టైల్స్ పరిచిన ఖాళీ హాల్లో గుయ్యిమనే ప్రతిధ్వని: తివాచీలు, కర్టెన్లు, సోఫాలతో తగ్గించడం (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇక్కడి లెక్కలన్నీ ఒకే హాలుకు వేసినవి. పొడవు 20 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. నేల మీద విట్రిఫైడ్ టైల్స్, గోడలకు పుట్టీ పెట్టి వేసిన రంగు, 12 అడుగుల గోడల్లో ఒకదానికి బాల్కనీలోకి తెరుచుకునే అద్దాల తలుపు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ విశాఖలోనూ ఇప్పుడు కడుతున్న అపార్ట్‌మెంట్లలో ఇలాంటి హాళ్లు చాలా ఉన్నాయి. మీ హాలు కొలతలు వేరైతే అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

మా హాల్లో మాట్లాడితే గుయ్యిమంటోంది. దీనికి కారణం టైల్సేనా?

టైల్స్ ఒక్కటే కాదు. విట్రిఫైడ్ టైలు తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటో రెండో వంతులు పీల్చుకుని మిగిలినదంతా తిప్పికొడుతుంది. నున్నగా పుట్టీ పెట్టిన గోడ, స్లాబు కూడా నూటికి మూడు వంతులకు మించి పీల్చవు. అంటే ఆరు వైపులా గట్టి ఉపరితలాలే. నోటి నుంచి వచ్చిన మాట వాటి మధ్య పదుల సార్లు తిరిగాక గానీ చల్లారదు.

అచ్చుల్లో శబ్దబలం ఎక్కువ, హల్లుల్లో తక్కువ. ఒక అచ్చు ఇంకా గదిలో మోగుతుండగానే తర్వాతి హల్లు వస్తుంది, దాని కింద పడి వినిపించకుండా పోతుంది. అందుకే ఇలాంటి హాల్లో టీవీ శబ్దం పెంచినా డైలాగు తెలియదు, వీడియో కాల్‌లో అవతలివాళ్లు "బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అంటారు. శబ్దం పెంచితే మాటతో పాటు ఆ మోత కూడా అంతే పెరుగుతుంది కాబట్టి ఉపయోగం ఉండదు.

చప్పట్లు కొట్టి చూడమంటారు. అందులో ఏం వినాలి?

రెండు విషయాలు వినాలి. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం అన్ని వైపుల నుంచీ సాగి మెల్లగా తగ్గితే అది గది మొత్తం మోత. అలా కాకుండా "ర్ర్‌ర్‌ర్" అని తీగ మీటినట్టు గరగరలాడితే అది ఎదురెదురుగా ఉన్న రెండు బోసి గోడల మధ్య శబ్దం అటూ ఇటూ పరుగెత్తడం.

ఈ గరగర ఎందుకంటే, శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. 12 అడుగుల దూరంలో ఉన్న గోడల మధ్య ఒకసారి పోయి రావడానికి 24 అడుగులు. అంటే అదే చప్పుడు సెకనుకు 47 సార్లు అటూ ఇటూ పోయి వస్తుంది. విడివిడిగా లెక్కపెట్టలేం గనక గరగరగా వింటాం.

ఈ రెంటినీ వేరుగా గుర్తించడం అవసరం. గది మొత్తం మోత తగ్గడానికి మెత్తటి సామాను మొత్తం పరిమాణం ముఖ్యం. గరగర తగ్గడానికి అది ఏ గోడ మీద ఉందన్నది ముఖ్యం. నేలంతా తివాచీ పరిచినా ఆ గరగర పోలేదని చాలామంది నిరాశపడతారు. తివాచీ నేలకూ కప్పుకూ మధ్య తిరిగే శబ్దాన్ని తగ్గిస్తుంది గానీ గోడల మధ్య తిరిగేదాన్ని అంతగా అడ్డుకోలేదు.

చప్పట్లు ఒకేచోట కొట్టి ఊరుకోకండి. సోఫాలో కూర్చునే చోట, డైనింగ్ టేబుల్ దగ్గర, నడవా మొదట్లో కొట్టి చూడండి. ఎక్కడ ఎక్కువ గరగరలాడితే అక్కడి గోడల జతే మీరు ముందు చూసుకోవలసింది.

ఎంత మెత్తటి సామాను కావాలో ముందే లెక్క వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, సులువే. 1895 తర్వాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబైన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడికి, ఫాగ్ మ్యూజియంలో మాట అర్థంకాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగించారు. ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ శబ్దం అయిదున్నర సెకన్ల దాకా సాగేది. పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు తెప్పించి, కొన్ని కొన్నిగా పెంచుకుంటూ పోయి, శబ్దం ఎంత త్వరగా చల్లారుతుందో రాత్రిపూట కొలిచాడు. మనం వాడేది ఆయన తేల్చిన సూత్రమే. అడుగుల్లో చెప్పాలంటే:

సెకన్లు = 0.049 × గది ఘనపరిమాణం ÷ పీల్చుకునే విస్తీర్ణం

పీల్చుకునే విస్తీర్ణాన్ని తెరిచిన కిటికీతో కొలుస్తారు. తెరిచిన కిటికీ మీద పడ్డ శబ్దం తిరిగి రాదు గనక దాని ఒక్కో చదరపు అడుగు ఒక్కో యూనిట్. సగం శబ్దాన్ని పీల్చే గుడ్డ అయితే చదరపు అడుగుకు అర యూనిట్.

మన హాలు ఘనపరిమాణం 2400 ఘనపుటడుగులు. దాన్ని 0.049తో హెచ్చిస్తే దాదాపు 118. ఖాళీగా ఉన్నప్పుడు గోడలు, నేల, కప్పు, తలుపులు, అద్దం అన్నీ కలిపి 50 యూనిట్లు అనుకుందాం. 118ని 50తో భాగిస్తే 2.3 సెకన్లకు కాస్త పైన వస్తుంది. మాటలకు, టీవీకి హాయిగా ఉండాలంటే ఇంత హాల్లో 0.6 నుంచి 0.7 సెకన్ల మధ్య ఉండాలి. అంటే 170 నుంచి 195 యూనిట్లు కావాలి.

ఇప్పుడు ఒక్కొక్కటే చేరుద్దాం. 6 × 9 అడుగుల కుచ్చు తివాచీ, కింద ఫెల్టుతో, సుమారు 27 యూనిట్లు ఇస్తుంది. మొత్తం 77, సమయం 1.5 సెకన్లు. గుడ్డ కప్పిన సోఫా, రెండు కుర్చీలు కలిపి అయిదు సీట్లు, సీటుకు 6 యూనిట్ల చొప్పున 30. మొత్తం 107, సమయం 1.1. బాల్కనీ గోడంతా కప్పే 12 × 9 అడుగుల దళసరి కర్టెన్, చదరపు అడుగుకు అర యూనిట్ వేసినా 54. మొత్తం 161, సమయం 0.73. పొడవు గోడ మీద నాలుగు మెత్తటి పలకలు వేస్తే ఇంకో 26 వచ్చి 187 అవుతుంది, సమయం 0.63.

కర్టెన్ ఒక్కటే దాదాపు తివాచీ, సోఫా కలిపి ఇచ్చినంత ఇస్తోందని గమనించండి. దీనికి కారణం విస్తీర్ణమే. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు దానికే పెట్టమంటాం. ఇంట్లో మనుషులు కూడా పీలుస్తారు, ఒక్కొక్కరికి నాలుగైదు యూనిట్లు వేసుకోవచ్చు. బంధువులు నిండినప్పుడు హాలు కాస్త నెమ్మదించినట్టు అనిపించడం అందువల్లే.

ఈ సూత్రం, పీల్చే వస్తువులు గది అంతటా పరుచుకుని ఉన్నాయనుకుని వేసే లెక్క. అన్నీ ఒకే వైపు పెడితే అసలు ఫలితం లెక్కకన్నా తక్కువగా ఉంటుంది.

అయితే ఏది ఎక్కడ పెట్టాలి?

గదిలో ఎదురెదురు జతలు మూడు ఉంటాయి: నేల–కప్పు, పొడవు గోడలు రెండు, పొట్టి గోడలు రెండు. ప్రతి జతలో కనీసం ఒకటి మెత్తబడాలి. రెండూ మెత్తబడనక్కరలేదు. నేలకు తివాచీ వేస్తే కప్పు జోలికి పోనవసరం లేదు. బాల్కనీ వైపు పొట్టి గోడకు కర్టెన్ వస్తే ఎదుటి పొట్టి గోడను అలాగే వదిలేయవచ్చు. మిగిలిపోయేది ఎప్పుడూ పొడవు గోడల జతే. ఒకవైపు టీవీ యూనిట్, ఇంకోవైపు సోఫా వెనక బోసి గోడ. సోఫా వీపు మూడడుగుల ఎత్తు దాకా కొంత పీలుస్తుంది, కానీ నిలబడి మాట్లాడేవాళ్ల నోరు, చెవి ఉండేది అయిదడుగుల ఎత్తున. గరగర అక్కడే బతికిపోతుంది. సోఫా వెనక గోడ మీద మూడున్నర నుంచి ఆరున్నర అడుగుల మధ్య ఏదైనా మందపాటిది వేలాడితే తప్ప అది పోదు.

తివాచీ ఎలాంటిది తీసుకోవాలి? కింద ఫెల్టు తప్పనిసరా?

ఫెల్టు లేకుండా తివాచీ కొనడం సగం డబ్బు వృథా చేసుకోవడమే. గట్టి నేల మీద నేరుగా వేసిన దళసరి తివాచీ, మాటలోని మధ్యస్థాయి శబ్దంలో, అంటే సెకనుకు 500 కంపనాల దగ్గర, నూటికి 14 వంతులు పీలుస్తుంది. అదే తివాచీ కింద మందపాటి ఫెల్టు వేస్తే 57 దాకా పీలుస్తుంది. గట్టి నేలకు ఆనుకుని ఉన్నచోట గాలి కదలదు. పీచు శబ్దాన్ని పట్టుకోవాలంటే గాలి దాని సందుల్లో కదలాలి. నేల నుంచి ఒక సెంటీమీటరు పైకి లేచినా తేడా వస్తుంది.

8 నుంచి 10 మిల్లీమీటర్ల ఫెల్టు అడగండి. అడుగున రబ్బరు చుక్కలు ఉన్న రకం దొరికితే మేలు, ఎందుకంటే ఒట్టి ఫెల్టు పాలిష్ టైల్స్ మీద జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ప్రమాదం. ఫెల్టును తివాచీ కన్నా నాలుగు వైపులా అంగుళం చొప్పున తక్కువ కత్తిరిస్తే అంచులు వాలుగా దిగి కాలికి తగలవు. రబ్బరు షీటునో పల్చటి ప్లాస్టిక్ జాలీనో "ప్యాడ్" అని అమ్మితే అది జారకుండా ఆపుతుంది గానీ శబ్దానికి పెద్దగా పనికిరాదు.

తివాచీలో చూడవలసింది కుచ్చు ఎత్తు, దట్టం. 10 నుంచి 15 మిల్లీమీటర్ల కుచ్చు చాలు. వేలితో కుచ్చును విడదీసి చూస్తే అడుగు నేత వెంటనే కనిపించకూడదు. ఏలూరు ఉన్ని తివాచీలు ఈ పనికి బాగా సరిపోతాయి. సైజు విషయంలో పొదుపు చేయకండి. 4 × 6 అంటే 24 చదరపు అడుగులే, హాలు నేలలో పదో వంతు. సోఫా ముందు కాళ్లు తివాచీ మీదకు వచ్చే సైజు, అంటే 6 × 9 గానీ 8 × 10 గానీ తీసుకోండి. డైనింగ్ టేబుల్ కింద మాత్రం వద్దు. కుర్చీలు లాగేటప్పుడు ముడుచుకుంటుంది, పప్పూ పెరుగూ పడితే కడగడం కష్టం.

ఇంట్లో జంపఖానాలు ఉన్నాయి. అవి చాలవా?

వరంగల్ జంపఖానాలాంటి సాదా నేత వస్తువుకు కుచ్చు ఉండదు. పల్చగా టైలుకు అతుక్కుని ఉంటుంది కాబట్టి చెంచా పడినప్పుడు వచ్చే కీచును కాస్త తగ్గిస్తుందే గానీ మాటను అంతగా పీల్చదు. కానీ దాన్ని పారేయకండి. కింద 10 మిల్లీమీటర్ల ఫెల్టు వేసి పైన జంపఖానా పరిస్తే, చిన్న కుచ్చు తివాచీకి దగ్గరగా పనిచేస్తుంది. ఉతుక్కోవడానికీ సులువు. గోడకు రెండంగుళాల ఎడంతో వేలాడదీసిన దళసరి జంపఖానా గానీ పాత బొంత గానీ నేల మీదకన్నా అక్కడ బాగా ఉపయోగపడుతుంది.

కర్టెన్‌కు ఏ గుడ్డ మంచిది?

బరువు, గాలి ఆడే గుణం రెండూ ఉండాలి. చదరపు మీటరుకు 350 గ్రాములకు తక్కువ కాని వెల్వెట్ గానీ దళసరి నూలు గుడ్డ గానీ వెతకండి. 450 పైన ఉంటే ఇంకా మంచిది. దుకాణంలో బరువు చెప్పలేకపోతే ఒక మీటరు ముక్కను తూకం వేయించండి. 48 అంగుళాల పన్నా గుడ్డ మీటరు 430 గ్రాములు తూగితే చదరపు మీటరుకు దాదాపు 350 పడుతుంది.

తర్వాత గుడ్డను నోటికి ఆనించి ఊదండి. కాస్త కష్టంగానైనా ఊపిరి అవతలికి పోవాలి. అసలు పోకపోతే వెనక పూత ఉందన్నమాట. ఎండ రాకుండా ఆపే బ్లాకౌట్ కర్టెన్లలో చాలావాటికి ఈ పూత ఉంటుంది. బరువుగా ఉన్నా, ఆ పూత వైపు పడ్డ శబ్దంలో చాలాభాగాన్ని వెనక్కి పంపేస్తాయి. ఊపిరి ఏ అడ్డూ లేకుండా పోతే అది వలలాంటి షీర్ గుడ్డ, శబ్దం కూడా అలాగే దాటి అద్దాన్ని కొట్టి తిరిగొస్తుంది. రోలర్ బ్లైండ్లు, వెదురు చిక్‌లు, వెనీషియన్ పట్టీలు ఎండకే గానీ మోతకు పనిచేయవు.

ఎంత గుడ్డ కొనాలి? ఎలా కుట్టించాలి, ఎలా తగిలించాలి?

మన హాలు బాల్కనీ గోడ లెక్కే వేద్దాం. ఇక్కడే చాలామంది ఎనిమిదడుగుల అద్దాల తలుపు వరకే కర్టెన్ వేసి ఆపేస్తారు. ఈ గోడ చివర నుంచి ఆ చివర దాకా, 12 అడుగులూ వేయండి. తలుపు పక్కనున్న గోడ కూడా ఉచితంగా మెత్తబడుతుంది.

కడ్డీ పొడవుకు రెండు రెట్లు గుడ్డ కావాలి, అప్పుడే కర్టెన్ పూర్తిగా మూసినప్పుడు కూడా మడతలు మిగులుతాయి. దర్జీలు ఎక్కువగా ఒకటిన్నర రెట్లతో సరిపెడతారు, గట్టిగా చెప్పాలి. బిగుతుగా పరిచిన పల్చటి వెల్వెట్ 500 కంపనాల దగ్గర నూటికి పది వంతులు పీలిస్తే, దళసరి వెల్వెట్ సగానికి సగం మడతలుపడి వేలాడితే అక్కడే దాదాపు 50 వంతులు పీలుస్తుంది. 12 అడుగులు అంటే 144 అంగుళాలు, రెట్టింపు 288. 48 అంగుళాల పన్నాతో భాగిస్తే ఆరు ముక్కలు. ఎత్తు 9 అడుగులు, పైనా కిందా మడతకు కలిపి ఇంకో అడుగు, అంటే ముక్కకు 10 అడుగులు. ఆరు ముక్కలకు 60 అడుగులు, అంటే 18.3 మీటర్లు. 19 మీటర్లు తీసుకోండి. నూలు గుడ్డ అయితే కుట్టించే ముందు ఒకసారి నానబెట్టి ఆరవేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే నేల నుంచి పైకి లేస్తుంది. పూలూ తీగెలూ ఉన్న డిజైను అయితే ముక్కలు కలపడానికి ఇంకొంచెం కావాలి.

లోపల నూలు లైనింగు వేస్తే శబ్దానికీ ఎండకూ మంచిది. అయితే బరువు చూసుకోండి. ఇంత వెల్వెట్ ఎనిమిది కిలోలు, లైనింగుతో కలిపి 11 కిలోల దాకా తూగుతుంది. రెండు చివర్లా రెండు బ్రాకెట్లతో ఊరుకుంటే కడ్డీ మధ్యలో వంగుతుంది. మూడు నాలుగు అడుగులకొకటి వేయించండి, 8 మిల్లీమీటర్ల ప్లగ్గుతో ఇటుక గోడలోకి దిగాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకు మాత్రం బిగించవద్దు, పిల్లలు ఒకసారి లాగితే చాలు ఊడిపోతుంది.

గోడకు ఎడం ఎంతన్నది కూడా ముఖ్యమే. గోడను ఆనుకున్నచోట గాలి రేణువులు కదలవు. దూరం జరిగేకొద్దీ కదలిక పెరిగి, శబ్దతరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో గరిష్ఠమవుతుంది. గుడ్డ ఆ కదలికనే రాపిడితో అరగదీస్తుంది. ఆరంగుళాల ఎడమిస్తే సెకనుకు 570 కంపనాల ప్రాంతం దాకా బలంగా పట్టుకుంటుంది. రెండంగుళాలకు కుదిస్తే ఆ పట్టు 1700 దగ్గరికి జరిగిపోతుంది, అప్పుడు ఈల శబ్దాలు తగ్గుతాయి గానీ మాటలోని నడిమి భాగం మిగిలిపోతుంది. కాబట్టి నాలుగు నుంచి ఆరంగుళాలు. డబుల్ బ్రాకెట్ తీసుకుని ముందు కడ్డీకి దళసరి కర్టెన్, వెనక దానికి పల్చటిది తగిలిస్తే ఈ ఎడం సహజంగానే వస్తుంది.

పగలు కర్టెన్ పక్కకు లాగితే పీల్చే విస్తీర్ణం బాగా తగ్గిపోతుంది. వీడియో కాల్ సమయంలో, టీవీ చూసేటప్పుడు మూసుకోండి. పగలంతా వెలుతురు కావాలనుకునేవాళ్లు ఈ కర్టెన్ లెక్కలో సగమే నమ్ముకుని మిగతాది గోడ పలకలతో పూడ్చుకోవాలి.

సోఫా రెక్సిన్‌దా, గుడ్డదా?

శబ్దం మాటకొస్తే గుడ్డదే. రెక్సిన్, తోలు గాలిని లోపలికి పోనివ్వవు, కాబట్టి లోపలున్న ఫోమ్ ఎంత మంచిదైనా కీచుగా ఉండే పై శబ్దాలకు అది గోడతో సమానం. గంభీరంగా ఉండే కింది శబ్దాలకు రెక్సిన్ పొర కాస్త కంపించి కొంత పీలుస్తుంది. ఉన్న రెక్సిన్ సోఫా మార్చే ఆలోచన లేకపోతే మందపాటి నూలు కవరు కుట్టించడం కన్నా, వీపు వైపు, సీట్ల మీద గుడ్డ కప్పిన పెద్ద బూరుగుదూది దిండ్లు వేయడం మేలు. ఒట్టి కవరు కింద రెక్సిన్ రెక్సిన్‌లాగే ఉంటుంది.

తివాచీ, కర్టెన్ చేయలేని పని సోఫా చేస్తుంది. ఆరంగుళాల మందం, వెనకా కిందా బోలు ఉండటం వల్ల అది 250 కంపనాల ప్రాంతాన్ని, అంటే మగగొంతులోని గంభీరమైన భాగాన్ని కూడా తగ్గిస్తుంది. అందుకే సోఫాను గోడకు అతికించకుండా నాలుగంగుళాలు ముందుకు జరపండి. బోసి మూల ఒకటుంటే అక్కడ పరుపు వేసిన దివాన్ పెట్టండి, కింది శబ్దాలు మూలల్లోనే ఎక్కువ పోగవుతాయి. గాజు పలక టీపాయ్ స్థానంలో గుడ్డ కప్పిన మెత్తటి పీట పెట్టినా తేడా చెవికి తెలుస్తుంది, ఎందుకంటే ఆ గాజు సోఫాలో కూర్చున్నవాళ్ల నోటికీ చెవికీ సరిగ్గా మధ్యలో ఉంటుంది.

సోఫా వెనక బోసి గోడకు పలకలు ఎలా చేయించాలి?

సోఫాలు కుట్టేవాళ్లే చేస్తారు. 4 × 2 అడుగుల చెక్క చట్రం, రెండంగుళాల లోతు. అందులో రెండంగుళాల మందం, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ స్లాబు. దాని పీచు గాలిలోకి రాకుండా ముందు దట్టమైన పల్చటి నూలు గుడ్డతో చుట్టి, పైన మీకు నచ్చిన చేనేత గుడ్డ బిగించాలి. రాక్‌వూల్ వద్దనుకుంటే పాలిస్టర్ పీచుతో గట్టిగా నొక్కి చేసిన స్లాబు వాడవచ్చు. పై గుడ్డకు కూడా అదే ఊదే పరీక్ష.

వెనక ప్లైవుడ్ వేయనివ్వకండి. అలవాటు కొద్దీ వేసేస్తారు. వెనక వైపు గుడ్డే ఉండాలి, గోడకూ పలకకూ మధ్య రెండంగుళాల ఎడం ఉండాలి. ఇందుకు నాలుగు మూలల్లో రెండంగుళాల చెక్క దిమ్మలు చాలు. ఆ ఎడం వల్ల రెండంగుళాల స్లాబు దాదాపు నాలుగంగుళాల దానిలా కింది శబ్దాల మీద పనిచేస్తుంది. నాలుగు పలకలను పక్కపక్కనే అతికించకుండా ఒకటిన్నర అడుగుల ఎడంతో వేయండి. గోడ మీద ఎక్కువ మేర కవరవుతుంది, అంచులు కూడా కొంత పీలుస్తాయి.

అన్నీ వేశాక గది మూగగా, గుమ్మని ఉంది. ఏం జరిగింది?

పై శబ్దాలు పోయాయి, కింది శబ్దాలు మిగిలాయి. పల్చటి తివాచీలు ఎక్కువగా వేసి, గోడలకు అంగుళం మందం ఫోమ్ అతికిస్తే ఇలాగే అవుతుంది. అవి 1000 కంపనాల పైనున్నదంతా తినేస్తాయి, 125 దగ్గర దాదాపు ఏమీ ముట్టుకోవు. ఇంకా తివాచీలు చేరిస్తే పరిస్థితి మరింత చెడుతుంది. మందం ఉన్నవి తేవాలి: మూలల్లో పరుపులు, పెద్ద దిండ్లు, నాలుగంగుళాల పలకలు. ఒకటి రెండు పల్చటి వాటిని తీసేసి పుస్తకాల అల్మరా పెడితే పైశబ్దం పీల్చబడకుండా చెదిరి గదికి ప్రాణం వస్తుంది.

గుడ్ల అట్టలు, థర్మోకోల్, గోడకు అతికించే చార్‌కోల్ ప్యానెళ్లు?

గుడ్ల అట్టలు పల్చటి కాగితం, మాట స్థాయిలో చెప్పుకోదగ్గ ఫలితం ఉండదు, పైగా సులువుగా అంటుకుంటాయి. థర్మోకోల్ మూసుకుపోయిన గింజల కూర్పు, గాలి దూరదు. చార్‌కోల్, పీవీసీ గాడుల ప్యానెళ్లు అందం కోసం పెట్టుకోవచ్చు, ప్రతిధ్వని తగ్గించడానికి కొనవద్దు. చెక్క పట్టీల మధ్య ఖాళీలుండి వెనక ఫెల్టు కనిపించే రకం వేరు, అది గోడకు కాస్త ఎడంగా బిగిస్తే పనిచేస్తుంది. ఏ మెత్తటి వస్తువునైనా దీపారాధన చేసే చోటికి, స్విచ్‌బోర్డులకు దూరంగా ఉంచండి.

ఇవన్నీ వేస్తే బయటి ట్రాఫిక్ మోత, పై ఫ్లాటువాళ్ల అడుగుల చప్పుడు ఆగుతాయా?

ఆగవు. అవి గోడ, స్లాబు, కిటికీ సందుల గుండా వస్తాయి. లోపలికి వచ్చాక గదిలో మోగడం మాత్రం తగ్గుతుంది. మన లెక్కలో 50 యూనిట్లు 161కి పెరిగితే గదిలో నిండే శబ్దం 5 డెసిబెల్స్ తగ్గుతుంది, ఫ్యాను, మిక్సీ, టీవీలతో సహా. మీ తివాచీ వల్ల నిజంగా లాభపడేది కింది ఫ్లాటువాళ్లు. మీ అడుగుల చప్పుడు, కుర్చీ ఈడ్పు వాళ్లకు తక్కువగా వినిపిస్తాయి.

అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టనివ్వరు.

తివాచీ, సోఫాలకు మేకులు అక్కరలేదు. గోడ వైపు కావలసింది మూడు రెక్కల మడత తెర. ఒక్కో రెక్క 2 × 6 అడుగులు, చట్రంలో పైన చెప్పిన స్లాబే. పొడవు గోడ ముందు ఎనిమిది అంగుళాల ఎడంతో జిగ్‌జాగ్‌గా నిలబెడితే పలకలకన్నా కింది శబ్దాలను బాగా పడుతుంది, ఇల్లు మారినప్పుడు మీతో వస్తుంది. కర్టెన్‌కు ఇంటివాళ్లు ముందే బిగించిన కడ్డీ ఉంటే దానికి ఎంత బరువు తగిలించవచ్చో లాగి చూసుకోండి. స్ప్రింగు బిగింపు కడ్డీలు 12 అడుగుల వెల్వెట్‌ను మోయలేవు.

దుమ్ము, చెమ్మ, దగ్గు సంగతేంటి?

కోస్తా జిల్లాల్లో ఇది నిజమైన ఇబ్బంది. తడిగుడ్డతో నేల తుడిచేటప్పుడు తివాచీ అంచు కింద నీరు చేరి ఫెల్టులో నిలుస్తుంది, వారంలో ముక్క వాసన వస్తుంది. తుడిచే ముందు అంచులు మడిచి, నేల పూర్తిగా ఆరాకే పరవండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి తివాచీని, ఫెల్టును ఎత్తి ఫ్యాను కింద నిలబెట్టాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో జనపనార తివాచీలు వద్దు, చెమ్మ తాగి నల్లబడతాయి. వారానికి రెండుసార్లు వాక్యూమ్ చేయండి, కర్టెన్ పైనుంచి కిందికి కూడా. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే కుచ్చు తివాచీ మానేసి, ఉతికే జంపఖానా కింద ఫెల్టు వేసి, తగ్గిన యూనిట్లను గోడ పలకలతో పూడ్చండి.

పనిచేసిందని ఎలా తేల్చుకోవాలి?

సామాను కొనే ముందే ఒక రికార్డింగు తీసుకోండి. ఫోనును టీవీ యూనిట్ మీద పెట్టి, ఆరడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో ఒక పేరా చదివి, చివర మూడు చప్పట్లు కొట్టండి. కొత్త వస్తువు ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా అదే చోట, అదే పేరా, ఫ్యాను ఆపి. ఇయర్‌ఫోన్లతో వింటే చెవి అలవాటు పడి మోసపోయే ప్రమాదం ఉండదు. చప్పట్ల తర్వాతి తోక పొట్టిదవుతూ, గరగర పూర్తిగా పోయి, హల్లులు విడివిడిగా వినిపిస్తుంటే సరైన దారిలో ఉన్నట్టు. తోక తగ్గి గరగర మిగిలితే కొత్తగా ఏదీ కొనకండి, ఉన్న వస్తువుల్లో ఒకదాన్ని పొడవు గోడ మీదికి మార్చి మళ్లీ రికార్డు చేయండి.